సారీ చెప్పబోతే ‘కంగ్రాట్స్’ వచ్చాయి: ఇంగ్లీష్‌లా కనిపించే స్పానిష్ మాటలు

ప్రశ్న: హైదరాబాద్‌లో సపోర్ట్ టీమ్‌లో పని చేస్తున్నాను. క్లయింట్ వాళ్లు మెక్సికోలోని మోంతెర్రేలో ఉంటారు. కొన్ని నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. నిన్నటి రిలీజ్‌లో నా వల్ల ఒక తప్పు జరిగింది. ‘చాలా ఎంబరాసింగ్‌గా ఉంది’ అని చెబుదామని గ్రూప్‌లో ఇలా పెట్టాను:

```
Estoy muy embarazada por el error de ayer
```

ఒకావిడ ‘ఫెలిసిదాదెస్’ అని రాసి చంటిపాప బొమ్మ పెట్టింది. మిగతావాళ్లు ఏమీ అనలేదు. అర్థం తెలిసాక టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. దీన్ని ఎలా సరిచేయాలి? ఇలాంటి మాటలు ఇంకా ఏమున్నాయి?

జవాబు:

మీ మెసేజ్ వాళ్లకి ‘నిన్నటి తప్పు వల్ల నేను నిండు గర్భిణిని’ అని చేరింది. ఎంబరసాదా అంటే గర్భవతి, ఇంకో అర్థం ఎవరికీ తట్టదు. ముందు ఆ సంగతి తేల్చేద్దాం, మిగతా మాటలు తర్వాత.

మెసేజ్ డిలీట్ చేయకండి. అందరూ చదివేశారు కాబట్టి, డిలీట్ చేసిన గుర్తు అక్కడ మిగిలితే ‘చెప్పకూడని విషయం పొరపాటున చెప్పేసిందేమో’ అనుకుంటారు. అప్పుడు మీ గర్భం ఇంకా నిజమైపోతుంది. అదే గ్రూప్‌లో, అదే మెసేజ్‌కి రిప్లైగా ఇది పెట్టండి:

```
Perdón, me equivoqué de palabra: no estoy
embarazada 😅 Quise decir que me da mucha
pena el error de ayer. Ya está corregido.
```

‘సారీ, ఒక మాట తప్పు పడింది, నేను గర్భవతిని కాదు. నిన్నటి తప్పుకి చాలా సిగ్గుగా ఉంది అని నా ఉద్దేశం. అది సరిచేశాం.’ ఇంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు. వాళ్ల దగ్గర్నుంచి ‘జజజజ’ అని వస్తే కంగారు పడకండి. స్పానిష్‌లో జె అక్షరాన్ని హ లాగా పలుకుతారు, అది ‘హహహ’. అది వచ్చిందంటే విషయం సర్దుకున్నట్టే. అభినందనలు చెప్పినావిడకి మాత్రం విడిగా ఒక థాంక్స్ పంపండి. పాపం, మంచి మనసుతోనే చెప్పింది, గ్రూప్‌లో అందరి ముందు ఆమెకీ ఇబ్బందిగానే ఉంటుంది.

ఇదే మాట మగవాళ్లు రాస్తే చివర ‘దో’ వస్తుంది. మగవాడు గర్భవతి ఎలా అవుతాడని క్షణంలో నవ్వేసి, అసలు అర్థం వాళ్లే పట్టేసుకుంటారు. ఆడవాళ్లు రాస్తే ఆ మాట నమ్మదగ్గదిగా ఉంటుంది కాబట్టి ఎవరూ నవ్వరు, ఎవరూ దిద్దరు. సెలవుల ప్లానింగ్‌లో మీ పేరు పక్కన ఇప్పటికే ఎవరో గుర్తు పెట్టుకుని ఉండొచ్చు. నవ్వులపాలైన తప్పు ఆ పూటతో పోతుంది. నమ్మేసిన తప్పు మాత్రం ఎవరో ఒకరు దిద్దేదాకా అలాగే ఉండిపోతుంది. అందుకే ఈ రోజే రాయండి అంటున్నాను.

ఈ రెండు మాటల పోలిక ఊరికే వచ్చింది కాదు. ఇంగ్లీష్‌లోని ‘ఎంబరాస్’ ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, ఫ్రెంచ్ వాళ్లు దాన్ని స్పానిష్ నుంచే తీసుకున్నారు. స్పానిష్‌లో ఎంబరసార్ అంటే మొదట్లో అడ్డు పడడం, కదలకుండా చేయడం. ఇంగ్లీష్‌లో అది మనసుకి కలిగే ఇబ్బంది అయింది, స్పానిష్‌లో కడుపుతో ఉండడం అయింది. పాత అర్థం పూర్తిగా పోలేదు కూడా. ‘ఇబ్బందికరమైన పరిస్థితి’ అనడానికి ‘సితువాసియోన్ ఎంబరసోసా’ అంటే అది సరైన స్పానిషే. అంటే పరిస్థితి గురించి అనొచ్చు, మీ గురించి అనకూడదు. డిక్షనరీలో ఎంబరసోసా చూసి ధైర్యం తెచ్చుకుని ఎంబరసాదా రాసేవాళ్లు ఎక్కువ.

పైన వాడిన ‘మె దా పేనా’ మెక్సికో మాట. అక్కడ పేనా అంటే సిగ్గు, మొహమాటం. ఇదే మాట స్పెయిన్‌లో అంటే జాలిగా ఉంది, బాధగా ఉంది అనే అర్థం వస్తుంది. రేపు మీ ప్రాజెక్ట్ మాడ్రిడ్ వాళ్లకి మారితే ‘మె దా వెర్గ్వేన్సా’ అనండి. అది రెండు చోట్లా అర్థమవుతుంది, కాకపోతే మెక్సికోలో పేనా కంటే కొంచెం బరువుగా వినిపిస్తుంది.

ఇక అసలు సంగతి. తెలుగువాళ్లం స్పానిష్‌లో ఈ రకం తప్పులు చేయడానికి ముఖ్య కారణం, మనం తెలుగులో అనుకున్నదాన్ని ముందు ఇంగ్లీష్‌లోకి మార్చి, అక్కడి నుంచి స్పానిష్‌లోకి మార్చడం. దారిలో ఇంగ్లీష్ ‘ఐ యామ్’ వచ్చి చేరుతుంది. దాని పక్కన పెట్టడానికి ఇంగ్లీష్‌లాంటి మాట ఒకటి వెతుక్కుంటాం. కానీ తెలుగులో మనం ‘నేను సిగ్గు’ అనం, ‘నాకు సిగ్గుగా ఉంది’ అంటాం. స్పానిష్‌లో ‘మె దా పేనా’ కూడా అచ్చం అదే పద్ధతి, ‘నాకు సిగ్గు కలిగిస్తోంది’ అని. ‘నాకు నచ్చింది’ అనే మాట ‘మె గుస్తో’ అవుతుంది. నచ్చిన వస్తువు కర్త, నచ్చినవాళ్లు ‘నాకు’. ఇంగ్లీష్ వాళ్లు ఈ ఒక్క వాక్యం కోసం తంటాలు పడతారు, మనకది చిన్నప్పటి నుంచి నోట్లో ఉన్నదే.

కాబట్టి ఒంటి గురించో మనసు గురించో రాసేటప్పుడు, ముందు తెలుగులో ఆ వాక్యం ‘నాకు’తో మొదలవుతుందేమో చూసుకోండి. అవుతుంటే ‘ఎస్తోయ్’ అని మొదలుపెట్టే ముందు ఒక్కసారి ఆగండి. మీరు పంపబోయే మెసేజ్‌లలో అత్యంత ప్రమాదకరమైన రెండూ ఇక్కడే దొరికిపోతాయి:

```
Estoy excitada por el proyecto
Estoy caliente
```

మొదటిది రాసినవాళ్ల ఉద్దేశం ‘ప్రాజెక్ట్ గురించి ఎక్సైటింగ్‌గా ఉంది’ అని. రెండోది రాసినవాళ్లకి పాపం ఉక్కపోస్తోంది, ఏసీ పనిచేయడం లేదు. చదివేవాళ్లకి మాత్రం రెండూ లైంగిక కోరిక గురించి చెప్పినట్టే ఉంటాయి. రెండోదానికి వేరే అర్థం వెతికే ప్రయత్నం కూడా ఎవరూ చేయరు. నిజానికి ఎక్సితార్ అనే క్రియకి రెచ్చగొట్టడం, ఉద్రేకపరచడం అనే మామూలు అర్థాలూ ఉన్నాయి. నరాల గురించి డాక్టర్లు రాసేటప్పుడు అలాగే వాడతారు. కానీ ఒక మనిషి తన గురించి రెండు ముక్కల మెసేజ్‌లో రాస్తే ఆ అర్థాలు ఎవరికీ తట్టవు.

తెలుగులో అనుకుంటే ‘నాకు ఉక్కగా ఉంది’, ‘నాకు హుషారుగా ఉంది’. స్పానిష్‌లో ఇలా:

```
Tengo calor
Me emociona mucho el proyecto
```

తెంగో అంటే ‘నా దగ్గర ఉంది’. ‘నాకు ముప్పై ఏళ్లు’, ‘నాకు ఆకలిగా ఉంది’, ‘నాకు భయంగా ఉంది’ ఇవన్నీ తెంగోతోనే చెప్తారు. స్పెయిన్‌లో అయితే ఎదురుచూపుతో కూడిన సంతోషానికి ‘మె అసె ఇలుసియోన్’ అంటారు. ఈ ఇలుసియోన్ మళ్లీ ఇంగ్లీష్ ఇల్యూజన్‌లా కనిపిస్తుంది. ‘నీ ప్రాజెక్ట్ నాకు భ్రమ కలిగిస్తోంది’ అన్నారని మీరు నొచ్చుకోవద్దు.

ఈ ‘నాకు’ పరీక్షని వ్యాకరణ సూత్రం అనుకోకండి. ‘నాకు అలసటగా ఉంది’ అనడానికి స్పానిష్‌లో ‘ఎస్తోయ్ కన్సాదా’ అనే అంటారు, అది తప్పేమీ కాదు. ‘ఎమోసియోనాదా’ కూడా ఎస్తోయ్‌తో బాగానే కుదురుతుంది. ఈ పరీక్ష చేసేదల్లా మిమ్మల్ని ఒక క్షణం ఆపడం. ఆ క్షణంలో ఇంగ్లీష్ మాటకి తోక తగిలించకుండా అసలు మాట వెతుక్కుంటారు.

ఇంతవరకూ చెప్పినవి నవ్వు తెప్పించేవి. నా ఉద్దేశంలో వీటికంటే ఎక్కువ నష్టం చేసేవి ఎవరికీ నవ్వు రాని మాటలు. మీది సపోర్ట్ టీమ్ కాబట్టి ముందుగా సొపొర్తార్. ‘సొపోర్తె తెక్నికో’ అంటే టెక్నికల్ సపోర్టే, అందులో అనుమానం లేదు. ఒక సాఫ్ట్‌వేర్ ఫలానా ఫైల్‌ని ‘సొపోర్తా’ అన్నా ఈ రోజుల్లో చెల్లిపోతుంది. కానీ మనిషికి వాడితే దాని అర్థం భరించడం, ఓర్చుకోవడం. ‘నేను మీకు సపోర్ట్ చేస్తాను’ అనుకుని ‘తె సొపోర్తో’ అని పంపితే, అవతలివాళ్లు ‘నిన్ను భరిస్తున్నాను’ అని చదువుకుంటారు. రాయాల్సింది ‘తె అయూదో’, నీకు సాయం చేస్తాను అని.

రెండోది ఎవెంతువల్మెంతె. బగ్ ఎప్పుడు సరిచేస్తారని క్లయింట్ అడిగారు, మీరు ఇలా రాశారనుకోండి:

```
Eventualmente lo vamos a corregir
```

ఇంగ్లీష్ ఎవెంచువల్లీలో ‘కాస్త ఆలస్యమైనా చివరికి తప్పకుండా’ అనే భరోసా ఉంది. స్పానిష్ మాటలో ఆ భరోసా లేదు. ‘సందర్భం వస్తే, ఒకవేళ జరిగితే’ అనే అనిశ్చయమే దాని అసలు అర్థం. మెక్సికోలో తాత్కాలిక కార్మికుణ్ణి ‘త్రబహదోర్ ఎవెంతువాల్’ అంటారు, పని ఉంటే ఉంటాడు, లేకపోతే లేదు. మీరు మాట ఇచ్చానని అనుకుంటారు, వాళ్లు ‘వీలైతే చూస్తారట’ అని పై వాళ్లకి చెప్తారు. ఇంకో చిక్కు ఏమిటంటే, లాటిన్ అమెరికాలో ఇంగ్లీష్ ప్రభావం వల్ల కొందరు దీన్ని ‘చివరికి’ అనే అర్థంలోనూ వాడుతున్నారు. అందుకే అవతలి మనిషి ఏ అర్థంలో చదివారో మీకు ఎప్పటికీ తెలియదు. ఈ మాటని పూర్తిగా వదిలేసి తేదీ రాయండి. ‘కేదా లిస్తో ఎల్ వియెర్నెస్’, అంటే శుక్రవారానికి సిద్ధంగా ఉంటుంది. దీంట్లో అపార్థానికి చోటు లేదు.

అక్తువల్మెంతె కూడా ఇదే కోవలోది. అది ‘నిజానికి’ కాదు, ‘ప్రస్తుతం’. ‘నిజానికి ఇది పనిచేయదు’ అనబోయి ‘అక్తువల్మెంతె నో ఫున్సియోనా’ అంటే ‘ప్రస్తుతానికి పనిచేయడం లేదు’ అవుతుంది, ఎప్పుడు బాగవుతుందని వాళ్లు వెంటనే అడుగుతారు. ‘నిజానికి’ అనడానికి ‘ఎన్ రెయాలిదాద్’ వాడండి.

అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే నేను భయపడేది ‘యా’. మనం చాట్‌లో అవును అనడానికి, సరే అనడానికి, విన్నాను అనడానికి అన్నిటికీ ‘యా’ కొట్టేస్తాం. స్పానిష్‌లోనూ అదే రెండక్షరాల మాట ఉంది, కానీ దాని మొదటి అర్థం ‘ఇప్పటికే, అయిపోయింది’. ఈ రెండు మెసేజ్‌లు చూడండి:

```
— ¿Puedes borrar la tabla de prueba?
— ya
```

మోంతెర్రే నుంచి వచ్చిన ప్రశ్న: టెస్ట్ టేబుల్ చెరిపేస్తావా? మీరు చాయ్‌కి వెళ్తూ ఫోన్లో ‘యా’ అన్నారు, మీ లెక్కలో అది ‘సరే, వచ్చి చేస్తాను’. వాళ్లకి అది ‘చెరిపేశాను’. ‘ఉన్న టేబుల్ పోయింది కదా’ అనుకుని వాళ్లు కొత్త టేబుల్ తయారుచేసే స్క్రిప్ట్ నడుపుతారు. ఆ పేరుతో టేబుల్ ఇప్పటికే ఉందని ఎర్రర్ వస్తే అది అదృష్టం, వెంటనే మిమ్మల్ని అడుగుతారు. ఎర్రర్ రాకుండా పాత టేబుల్‌లోనే కొత్త డేటా చేరిపోతే, ఆ తర్వాత మీరు తాపీగా వచ్చి మొత్తం కలిపి చెరిపేస్తారు. ఇందులో ఎవరూ తప్పు స్పానిష్ రాయలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. చాట్ మళ్లీ చదివినా ఇద్దరికీ తమ వైపే న్యాయం కనిపిస్తుంది.

అందుకే స్పానిష్ చాట్‌లో సరే అనడానికి ఎప్పుడూ ‘సీ’ వాడండి. చేయబోతుంటే ఎంతసేపట్లోనో రాయండి, అయిపోయాక ‘లిస్తో’ అనండి:

```
Sí, la borro en 10 minutos
Listo, borrada
```

‘ఇప్పుడే’ అనడానికి మెక్సికో వాళ్లు వాడే ‘అవొరీతా’ మీరు వాడకండి. అది మన ‘ఇదిగో వస్తున్నా’ లాంటిది, రెండు నిమిషాలూ కావచ్చు, సాయంత్రమూ కావచ్చు. మీకు మెసేజ్‌లో అది వస్తే టైమ్ అడగండి, అందులో తప్పేం లేదు. పై దిద్దుబాటు మెసేజ్‌లో ‘యా ఎస్తా కొర్రెహీదో’ అని నేను యా వాడింది కూడా ఈ అర్థంలోనే: ఇప్పటికే సరిచేశాం.

ఇప్పుడు రెండో వైపు. మీ క్లయింట్ వాళ్లు మీతో ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు ఇవే మాటలు తిరగబడి వస్తాయి, అది తెలియకపోతే అనవసరంగా గొడవపడతారు. ‘వుయ్ ప్రిటెండ్ టు ఫినిష్ ఆన్ ఫ్రైడే’ అని వస్తే శుక్రవారం పూర్తయినట్టు నటిస్తామని కాదు. ప్రెతెందెర్ అంటే ఉద్దేశించడం, శుక్రవారం పూర్తి చేయాలని అనుకుంటున్నారు. ‘ఐ హావ్ ఎ కాంప్రమైజ్ ఎట్ ఫైవ్’ అంటే ఐదింటికి రాజీ కుదుర్చుకోవడం కాదు, కొంప్రొమీసొ అంటే ముందే ఒప్పుకున్న పని, వేరే మీటింగ్. ‘ఐ విల్ అసిస్ట్ టు ద మీటింగ్’ అన్నాయన మీటింగ్‌కి వస్తారంతే, డెమోలో మీకు సాయం చేస్తారని లెక్కేసుకుని కూర్చోవద్దు.

వీటిలో చదవగానే గుండె ఝల్లుమనేది ‘సారీ టు మొలెస్ట్ యు’. స్పానిష్‌లో మొలెస్తార్ అంటే మామూలుగా ఇబ్బంది పెట్టడం, విసిగించడం. ‘మిమ్మల్ని డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ’ అని ఆ మనిషి ఎంతో మర్యాదగా రాశారు. దానికి స్క్రీన్‌షాట్ తీసి వేరే గ్రూప్‌లో పెట్టి నవ్వుకోవడం మన ఆఫీసుల్లో మామూలే కానీ, రేపు మీ ఎంబరసాదాకి వాళ్లు అదే చేయొచ్చని గుర్తుంచుకోండి. ఆ మనిషికి విడిగా, చిన్నగా ఇంగ్లీష్‌లో వచ్చే అర్థం చెప్పేయండి. ఆ మాట ఇంకో క్లయింట్‌కి వెళ్లకముందే ఎవరో ఒకరు చెప్పాలి.

స్పెయిన్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంకొకటి తగులుతుంది. ‘ఐ యామ్ కాన్‌స్టిపేటెడ్, నో కాల్ టుడే’ అని వస్తే పాపం ఆ మనిషికి జలుబు చేసింది. స్పెయిన్‌లో కొన్‌స్తిపాదో అంటే జలుబు చేసినవాడు. మలబద్ధకానికి వేరే మాట ఉంది, ఎస్త్రెన్యీదో. జీలకర్ర నీళ్లు తాగమని సలహా ఇవ్వకండి, ‘త్వరగా తగ్గాలి’ అంటే చాలు.

మాట సరైనదే అయినా కీబోర్డ్ వల్ల అర్థం మారే సందర్భం ఒకటుంది. వయసు చెప్పేటప్పుడు, న్యూ ఇయర్ శుభాకాంక్షలు చెప్పేటప్పుడు ఇది వస్తుంది:

```
Tengo 28 años
Tengo 28 anos
```

ఎన్ మీద ఆ చిన్న గీత ఉంటే ‘నాకు 28 ఏళ్లు’. లేకపోతే ‘నాకు 28 మలద్వారాలు’. తోటి స్పానిష్ వాళ్లు కూడా తొందరలో గీత మర్చిపోతుంటారు, చదివేవాళ్లు సర్దుకుంటారు, దీనికి ఎవరూ కోపగించుకోరు. అయినా వందమంది ఉన్న గ్రూప్‌లో జనవరి ఒకటిన పెట్టేదైతే సరిగ్గా పెట్టండి. ఫోన్లో ఎన్ అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే వస్తుంది. విండోస్‌లో నంబర్ ప్యాడ్ ఉంటే Alt నొక్కి ఉంచి 0241 కొట్టండి. ఇంకో సంగతి, ఫోన్ కీబోర్డ్ ఇంగ్లీష్‌లో ఉంటే మీరు సరిగ్గా కొట్టిన స్పానిష్ మాటని అదే ఇంగ్లీష్ మాటగా ‘దిద్దేస్తుంది’. కీబోర్డ్ సెట్టింగ్‌లలో స్పానిష్ కూడా చేర్చుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

పంపేముందు సరిచూసుకోవడం గురించి. చాలామంది డిక్షనరీలో ఇంగ్లీష్ మాట కొట్టి స్పానిష్ మాట వెతుకుతారు, వచ్చిన నాలుగైదింటిలో ఇంగ్లీష్‌లా ఉన్నదాన్ని ఎంచుకుంటారు. ఎక్సైటెడ్ అని కొడితే ఎక్సితాదో కూడా ఆ జాబితాలో వస్తుంది, కళ్లు దాని మీదకే పోతాయి. మీరు తిరగేసి వెతకండి. మెసేజ్‌లో రాసిన స్పానిష్ మాటనే కొట్టి, దానికి ఇంగ్లీష్‌లో ముందుగా ఏ అర్థం వస్తుందో చూడండి. ఎంబరసాదా కొట్టి ఉంటే మొదటి వరుసలోనే ‘ప్రెగ్నెంట్’ కనిపించేది. కాస్త స్పానిష్ చదవగలిగాక స్పానిష్ అకాడమీ వారి dle.rae.es చూడండి. అర్థాలన్నీ స్పానిష్‌లోనే ఉంటాయి, ఏ అర్థం ఏ దేశంలో వాడతారో కూడా పక్కన సూచిస్తారు.

దేశం పేరు చూసే అలవాటు మీకు మెక్సికోతో మరీ అవసరం. స్పెయిన్ పాఠాల్లో ‘తీసుకోవడం, పట్టుకోవడం’ అనడానికి కొహెర్ అని నేర్పుతారు. మాడ్రిడ్‌లో బస్సు పట్టుకోవడానికి, ఫోన్ ఎత్తడానికి రోజంతా అదే మాట. మోంతెర్రేలో అది సంభోగానికి వాడే మోటు మాట. ‘కాల్ నేను తీసుకుంటాను’ అని గ్రూప్‌లో పెట్టేటప్పుడు ఇలా రాయండి, ఇది రెండు దేశాల్లోనూ క్షేమం:

```
Yo contesto la llamada
```

కొన్‌తెస్తార్ అంటే ఇక్కడ పోటీ పడడం, అభ్యంతరం చెప్పడం కాదు, జవాబివ్వడం.